గడియారంలో 8 సెకన్లు అంటే నిజానికి ఎన్ని?

పర్లాకిమిడిలో ఆదివారం పూట ఏ కల్యాణ మండపంలోనో, బడి హాల్లోనో జరిగే చిన్న చెస్ పోటీ ఊహించుకోండి. హాల్లో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, చాలామందికి రెండూ వచ్చు. గుణుపూర్ నుంచి పొద్దున్న బండికి మావయ్యతో వచ్చిన కుర్రాడు చేతికందిన ఆటలో టైమ్ అయిపోయి ఓడిపోతాడు. బయటికొచ్చి అనే మొదటి మాట: "మావయ్యా, ఆ గడియారం పాడైపోనాది. ఫోన్లో ఎత్తు వేయగానే టైమ్ పెరుగుతాది, ఇక్కడ ఒక్క సెకను కూడా పెరగనేదు." గడియారం శుభ్రంగానే ఉంది. అతను ఫోన్లో రోజూ ఆడేది ఇంక్రిమెంట్‌తో, ఆ బల్ల మీద పెట్టింది డిలే. పేరుకి రెండూ ఎత్తుకి 3 సెకన్లే, కానీ ఆట చివర్లో ఆ 3 సెకన్లు చేసే పని వేరు.

మామూలుగా 5+3 అని రాస్తే 5 నిమిషాల మూల సమయం, ఎత్తుకి 3 సెకన్ల అదనం అని అర్థం. ఆ అదనాన్ని ఎలా ఇస్తారన్నదే సెట్టింగ్. ఇంక్రిమెంట్‌లో ఎత్తు వేసి బటన్ నొక్కగానే 3 సెకన్లు ఖాతాలో పడతాయి, ఆ ఎత్తుకి ఎంత టైమ్ తీసుకున్నారన్నది గడియారం చూడదు. ఒక్క సెకనులో వేస్తే 2 సెకన్లు లాభం, 10 సెకన్లు తీసుకుంటే 7 నష్టం. దీన్ని ఫిషర్ పద్ధతి అంటారు, బాబీ ఫిషర్ ఇలాంటి డిజిటల్ గడియారానికి అమెరికాలో 1989లో పేటెంట్ పొందాడు, 1992లో స్పాస్కీతో మళ్ళీ ఆడినప్పుడు అదే పెట్టించుకున్నాడు. డిలేలో అలా కాదు, మీ వంతు రాగానే గడియారం 3 సెకన్లు ఆగి ఆ తర్వాతే మీ టైమ్ తగ్గించడం మొదలుపెడుతుంది. ఆ 3 సెకన్లలోపు వేస్తే మీ టైమ్ చెక్కుచెదరదు, అలాగని పెరగదు కూడా. వాడుకోని సెకన్లు పోయినట్టే.

ఫోన్లో రోజుకి 1.5 జీబీ డేటా ప్యాక్ వేయించుకున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటితే మిగిలిన డేటా గాల్లో కలిసిపోతుంది కదా, డిలే అదే. మిగిలింది రేపటికి జమయ్యే ప్యాక్ అయితే ఇంక్రిమెంట్.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియంది ఏమిటంటే తెర మీద కనిపించే అంకెకి ఒక్కో సెట్టింగ్‌లో ఒక్కో విలువ ఉంటుందని, చివరి పది ఎత్తుల్లో కొంప ముంచేది అదేనని. ఒక ఆటని దగ్గర నుంచి చూద్దాం.

తెల్లవాడికి ఏనుగు, రెండు బంట్లు, నల్లవాడికి ఏనుగు, ఒక బంటు. తెల్లవాడి వంతు, తెర మీద 8 సెకన్లు. తర్వాతి ఆరు ఎత్తులకి అతను తీసుకునే టైమ్ ఇలా ఉందనుకుందాం: మొదటి రెండూ ఒక్కో సెకను, మూడోది కాస్త ఆలోచించి 4 సెకన్లు, మళ్ళీ ఒకటి, ఒకటి, ఆరో ఎత్తు దగ్గర ఏనుగులు మార్చుకోవాలా వద్దా అన్న అసలు నిర్ణయం, దానికి 7 సెకన్లు.

అదనం ఏమీ లేకపోతే లెక్క చిన్నది. 1, 1, 4, 1, 1 కలిపితే 8. అయిదో ఎత్తు వేస్తుండగానే ఫ్లాగ్ పడిపోతుంది, అంటే టైమ్ అయిపోయి ఓడిపోతాడు, ఆ అసలు నిర్ణయం దాకా చేరనే చేరడు.

ఇంక్రిమెంట్ 3 సెకన్లయితే: మొదటి ఎత్తుకి 8లో ఒకటి పోయి మూడు వచ్చి 10, తర్వాత 12. నాలుగు సెకన్ల ఆలోచనకి 12 కాస్తా 8 అయి, మూడు కలిసి 11. ఆ తర్వాత 13, 15. ఇప్పుడు 7 సెకన్లు తీరిగ్గా ఆలోచించినా 8 మిగిలి, మూడు కలిసి 11 అవుతుంది. అంటే ఆరు ఎత్తులు ఆడి, అందులో ఒకచోట బాగా ఆలోచించి కూడా మొదలుపెట్టినప్పటికంటే 3 సెకన్లు ఎక్కువతో ఉన్నాడు.

డిలే 3 సెకన్లయితే: మొదటి రెండు ఎత్తులకీ 8 అలాగే 8. మూడోదానికి 4 సెకన్లలో మూడు ఉచితం, ఒకటి కోత, 7. తర్వాత రెండూ 7, 7. చివరి 7 సెకన్ల ఆలోచనలో మూడు పోగా నాలుగు కోత, మిగిలింది 3. బతికాడు, కానీ ఇంకోసారి అలా ఆలోచించే అవకాశం లేదు, ఎందుకంటే ఇకమీదట ఏ ఎత్తుకైనా అతని చేతిలో ఉన్నది ఉచితం 3, మిగిలిన 3, కలిపి 6. ఎంత చురుగ్గా ఆడినా ఆ మిగిలిన 3 నాలుగు కాదు.

మూడో రకం ఒకటుంది, డేవిడ్ బ్రాన్‌స్టైన్ పేరు మీద వచ్చినది. చాలా డిజిటల్ గడియారాల మెనూలో డిలే పక్కనే కనిపిస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. ఒక రకంగా ఒకటే. ఇందులో గడియారం ఆగదు, మీ వంతు రాగానే తగ్గడం మొదలవుతుంది. ఎత్తు వేశాక మీరు వాడుకున్నంత టైమ్ తిరిగి ఇస్తుంది, కాకపోతే 3 సెకన్లకి మించి ఇవ్వదు. ఒక సెకనులో వేస్తే ఒక సెకను వెనక్కి, 4 తీసుకుంటే 3 వెనక్కి. కాబట్టి ఎత్తు ఎత్తుకీ జరిగే కోత డిలేలో లాగే ఉంటుంది. మన ఆటలో 8, 8, 8, 7, 7, 7 అని అదే వరుస. ఆరో ఎత్తు దగ్గర మాత్రం దెబ్బ తగులుతుంది. తెర మీద 7 ఉంది, 7 సెకన్లు ఆలోచించాడు, గడియారం సున్నా చూపించింది, ఆట పోయింది. వెనక్కి రావాల్సిన 3 సెకన్లు ఎత్తు పూర్తయి బటన్ నొక్కాకే వస్తాయి, ఆ బటన్ నొక్కేలోపే ఫ్లాగ్ పడింది.

అందుకే 8 అంటే ఎన్ని అన్న ప్రశ్న. మామూలు డిలేలో తెర మీద 8 ఉంటే ఈ ఎత్తుకి నిజానికి 11 ఉన్నాయి. బ్రాన్‌స్టైన్‌లో 8 అంటే 8. ఇంక్రిమెంట్‌లోనూ 8 అంటే 8, కిందటి ఎత్తుకి వచ్చిన మూడూ అందులోనే ఉన్నాయి. ఈ రెండింటిలో మీ వంతు మొదలైనప్పుడు తెర మీద 3కి తక్కువ ఎప్పుడూ కనిపించదు, మామూలు డిలేలో మాత్రం ఒక సెకను అని కనిపించినా కంగారుపడక్కర్లేదు, నాలుగు ఉన్నాయి. కొత్తగా ఆడేవాళ్ళు ఇక్కడ రెండు వైపులా తప్పు చేస్తారు. డిలే గడియారం మీద "1" చూసి టెన్షన్‌తో ఏదో ఒక ఎత్తు వేసేసి ఏనుగుని ఉత్తినే ఇచ్చేవాళ్ళు కొందరు. గడియారం కదలట్లేదని, తమ బటన్ సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ మళ్ళీ నొక్కేవాళ్ళు ఇంకొందరు. ఎదుటివాడి వైపు ఆ 3 సెకన్లు అంకె కదలదు మరి, చూసేవాళ్ళకి ఆగిపోయినట్టే ఉంటుంది.

సరే, ఈ తేడా చివర్లోనే పుడుతుందా? కాదు, అది ఎప్పుడో మొదటి పది ఎత్తుల్లోనే పుట్టి, చివర్లో బయటపడుతుంది. ఓపెనింగ్ కంఠతా వచ్చినవాడు మొదటి పది ఎత్తులు ఒక్కో సెకనులో వేశాడనుకోండి. 5+3 ఇంక్రిమెంట్‌లో 5 నిమిషాలు కాస్తా 5 నిమిషాల 20 సెకన్లవుతుంది. డిలేలో 5 నిమిషాలే. పైకి 20 సెకన్లే కదా అనిపిస్తుంది, కానీ పై ఆటలో తెల్లవాడికి చివర్లో ఉన్నది మొత్తం 8. ఇంక్రిమెంట్‌లో ఆట మొదట్లో పొదుపు చేసింది చివర్లో చేతికొస్తుంది, చివర్లో కూడా సులువైన ఎత్తుల దగ్గర పొదుపు చేసి కష్టమైన ఎత్తు దగ్గర ఖర్చుపెట్టొచ్చు. రెండు చెక్‌లు ఇచ్చి రాజుని అటూ ఇటూ తిప్పి నాలుగైదు సెకన్లు కూడబెట్టుకోవడం ఇంక్రిమెంట్‌లో అందరూ చేసే పనే. ఒకే స్థితి మూడోసారి రాకుండా చూసుకోవాలి, వస్తే ఎదుటివాడు డ్రా అడుగుతాడు. డిలేలో ఆ చెక్‌ల వల్ల ఒక్క సెకను కూడా రాదు, కూడబెట్టడానికి ఖాతానే లేదు.

కాబట్టి టెన్షన్ ఆకారమే మారిపోతుంది. ఇంక్రిమెంట్‌లో అది అలలా వస్తుంది, 4 సెకన్లకి పడి, మళ్ళీ 12కి లేచి, మళ్ళీ 5కి పడి. డిలేలో మెట్లు దిగడమే తప్ప ఎక్కడం లేదు, దిగిన ప్రతి మెట్టూ శాశ్వతం. అదనం లేని ఆటలో మెట్లు కూడా ఉండవు, నూతిలో రాయి పడ్డట్టే.

అయితే అన్ని చివరి ఆటల్లోనూ ఈ తేడా ఒకేలా ఉండదు. రాజు, ఏనుగుతో ఒంటరి రాజుని మాట్ చేయడం తీసుకోండి. సరిగ్గా ఆడితే ఏ స్థితి నుంచైనా 16 ఎత్తుల్లో అయిపోతుంది. చేతికి అలవాటైనవాడికి ఆలోచించేదేమీ లేదు, ఎత్తుకి రెండు సెకన్లు చాలు. అలాంటప్పుడు 3 సెకన్ల ఇంక్రిమెంట్ అయినా డిలే అయినా ఒకటే, 5 సెకన్లతో మొదలుపెట్టినా గెలుస్తాడు. అదనం లేకపోతే 5 సెకన్లలో 16 ఎత్తులు మనిషి చేతికి సాధ్యం కాదు, పావు జరిపి అదే చేత్తో బటన్ నొక్కడానికే దాదాపు సెకను పడుతుంది. అదే ఏనుగు, బంటు ఒకవైపు, ఏనుగు ఒకవైపు ఉన్న ఆట అయితే పది ఎత్తులకి ఒకసారి నిజంగా లెక్కపెట్టాల్సిన చోటు వస్తుంది, ఆ చోట ఇంక్రిమెంట్ ఇచ్చే 12 సెకన్లకీ డిలే ఇచ్చే ఆరుకీ మధ్య గెలుపు, డ్రా తిరగబడతాయి.

ఫోన్లో ఆడి వచ్చినవాళ్ళకి ఇంకో చిక్కు. యాప్‌లో ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు వేసి పెట్టుకోవచ్చు, ఆ ఎత్తుకి టైమ్ దాదాపు ఖర్చవదు, 2 సెకన్ల ఇంక్రిమెంట్‌లో రెండూ లాభమే. బల్ల మీద అది కుదరదు. చంపిన పావు తీసి పక్కన పెట్టాలి, మన పావు పెట్టాలి, బటన్ నొక్కాలి. కంగారులో పక్క పావు పడిపోతే దాన్ని నిలబెట్టేదాకా మన టైమే నడుస్తుంది, నిలబెట్టకుండా బటన్ నొక్కితే ఆర్బిటర్ శిక్ష వేయొచ్చు. కాబట్టి 3+2లో ఫోన్ మీద లాభపడే చివరి ఆట బల్ల మీదకి వచ్చేసరికి బొటాబొటీగా మారుతుంది. గంటకోసారి ఫోన్ మీద 3+2 ఆడేవాళ్ళు బల్ల మీద 5+3 కూడా వేగంగానే ఉందని ఎందుకంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

పెద్ద పోటీల్లో 30 సెకన్ల ఇంక్రిమెంట్ పెట్టడానికి వెనక ఇంకో కారణం ఉంది, ఎత్తులు రాయడం. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం క్లాసికల్ ఆటలో, అంటే గంటల తరబడి నడిచే ఆటలో, ప్రతి ఎత్తూ రాయాలి. టైమ్ 5 నిమిషాల లోపుకి వస్తే రాయడం మానేయొచ్చు, కానీ ఎత్తుకి 30 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ కలిసే ఆటలో ఆ మినహాయింపు లేదు, చివరి దాకా రాయాల్సిందే. అంటే ఆ 30 సెకన్లలో రాతకి ఒక నాలుగైదు పోతాయి. మొదటిసారి క్లాసికల్ ఆడేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు, 20 సెకన్లు మిగిలాయని ఆలోచనలో పడి చివరి 5 సెకన్లలో కలం కోసం వెతుక్కుంటారు. ముందు ఎత్తు వేసి, బటన్ నొక్కి, ఎదుటివాడి టైమ్‌లో రాసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే మన తర్వాతి ఎత్తు వేసేలోపు పాతది రాసి ఉండాలి.

ఇంక్రిమెంట్ ఉంది అని ప్రకటించగానే నిశ్చింతగా ఉండకూడదు, ఏ ఎత్తు నుంచి అన్నది అడగాలి. 2024 నవంబర్లో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడినప్పుడు మొదటి 40 ఎత్తులకి 120 నిమిషాలు, ఆ తర్వాత 30 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల అదనం 41వ ఎత్తు నుంచి మాత్రమే. మూడో ఆటలో డింగ్ టైమ్ 37వ ఎత్తు దగ్గర అయిపోయింది. అప్పటికే అతని స్థితి పాడైపోయిన మాట నిజమే, టైమే ఓడించిందనలేం. కానీ మొదటి ఎత్తు నుంచే 30 సెకన్లు ఉండే ఆటలో ఫ్లాగ్ పడటం అరుదు. ఆ పోటీలో 40కి ముందు టెన్షన్ అదనం లేని ఆటలాంటిది, 40 దాటాక ఇంక్రిమెంట్ ఆటలాంటిది. మొదటి ఎత్తు నుంచే ఇంక్రిమెంట్ ఉండే ఆటకి ప్రపంచ ర్యాపిడ్ పోటీ ఉదాహరణ. కోనేరు హంపి 2019లో, 2024లో గెలిచిన ఆ పోటీలో 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు.

మరి అదనమే లేకుండా ఎందుకు పెడతారు? చిన్న ఊళ్ళలో కారణం ఆట కాదు, బండి. 10+0 అంటే ఏ ఆటా 20 నిమిషాలు దాటదు, సాయంత్రం బండికి బహుమతులు ఇచ్చి పంపేయొచ్చు. 10+5లో ఒక మొండి ఆట 120 ఎత్తులు నడిస్తే ఒక్కొక్కరికి ఇంకో 10 నిమిషాలు కలిసి, ఆ ఒక్క బల్ల కోసం హాలంతా 40 నిమిషాలు కూర్చోవాలి. గుణుపూర్ వెళ్ళాల్సినవాళ్ళ గొడవ అర్థం చేసుకోదగ్గదే. కానీ దానికి మూల్యం బోర్డు మీద చెల్లించాలి: చెరో ఏనుగుతో మిగిలిన పక్కా డ్రాలో కూడా 9 సెకన్లున్నవాడు 4 సెకన్లున్నవాడిని అటూ ఇటూ తిప్పి టైమ్ మీద గెలుస్తాడు. ఎదుటివాడి దగ్గర మాట్ చేసే అవకాశం సిద్ధాంతానికి కూడా లేనప్పుడే ఫ్లాగ్ పడినా డ్రా ఇస్తారు, ఏనుగు ఉంటే ఆ అవకాశం ఉన్నట్టే లెక్క. ఫిడే మార్గదర్శకాల్లో దీనికో దారి ఉంది. అదనం లేని క్లాసికల్ లేదా ర్యాపిడ్ ఆటలో 2 నిమిషాల లోపు మిగిలినవాడు తన వంతులో ఇద్దరికీ 5 సెకన్ల అదనం పెట్టమని అడగొచ్చు. అది డ్రా అడిగినట్టే లెక్క. ఎదుటివాడు డ్రా ఒప్పుకోక, ఆర్బిటర్ సరేనంటే 5 సెకన్ల అదనం పెట్టి, ఆ ఎదుటివాడికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఇది బ్లిట్జ్‌కి వర్తించదు, అంటే 10+0కి కూడా వర్తించదు, ఎందుకంటే 10 నిమిషాలు, అంతకన్నా తక్కువ ఉన్నది బ్లిట్జే. పైగా ఈ పద్ధతి వాడతామని పోటీకి ముందే ప్రకటించి ఉండాలి.

మండపాల్లో జరిగే పోటీల్లో గడియారాలు నాలుగు ఇళ్ళ నుంచి పోగుచేసినవి, కిందటిసారి ఎవరో పెట్టిన సెట్టింగ్ అందులో అలాగే ఉంటుంది. పది బల్లల మీద ఇంక్రిమెంట్, పదకొండో బల్ల మీద డిలే ఉండటం వింతేమీ కాదు, ఒక్కోసారి ఎడమవైపు 3 సెకన్లు, కుడివైపు సున్నా. దీన్ని పట్టుకోవడానికి ఆట మొదలవకముందు అర నిమిషం చాలు. గడియారం నడిపించి, రెండు వైపులా బటన్లు వెంటవెంటనే మూడేసి సార్లు నొక్కాలి. అంకె పెరిగితే ఇంక్రిమెంట్. మీ వైపు నడుస్తున్నప్పుడు రెండు మూడు సెకన్లు కదలకుండా ఉండి తర్వాత తగ్గితే మామూలు డిలే. వెంటనే తగ్గి, బటన్ నొక్కగానే పాత అంకెకే వస్తే బ్రాన్‌స్టైన్. తగ్గి అలాగే ఉండిపోతే అదనం లేదు, లేదా ఇంకా మొదలవలేదు. రెండు వైపులా ఒకేలా ప్రవర్తించకపోతే అప్పుడే చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలవాలి, ఆ తర్వాత గడియారాన్ని మళ్ళీ మొదటి టైమ్‌కి పెట్టించుకుని ఆట మొదలుపెట్టాలి. ఇరవై ఎత్తులయ్యాక కూడా పిలవొచ్చు, గడియారాన్ని సరిచేస్తారు, కానీ ఎవరికి ఎంత కలపాలన్నది అప్పుడు ఆర్బిటర్ అంచనా.